వస్తువుకి ఎన్ని స్టార్లు, రిటర్న్‌కి ఎన్ని? కుక్కర్ గొడవలో రివ్యూ ఎలా రాయాలో చెప్పండి

పద్మజ_సీతమ్మధార
అందరికీ నమస్కారం. జూన్ మొదట్లో ఆన్‌లైన్‌లో 5 లీటర్ల స్టీల్ కుక్కర్ ఆర్డర్ పెట్టాను. 2,349 రూపాయలు, యూపీఐలో కట్టేశాను. వచ్చింది 3 లీటర్లది. కంపెనీ పెట్టె మీద 3 లీటర్లనే అచ్చయి ఉంది, దాని మీద సెల్లర్ అంటించిన బార్‌కోడ్ స్టిక్కర్ మీద మాత్రం 5 లీటర్లు అని ఉంది. అంటే తప్పు ఎవరిదో పెట్టె చూస్తేనే తెలిసిపోతోంది.

డెలివరీ 3న. ఆ రోజే రిటర్న్ పెట్టాను. 5న పికప్ రద్దయిందని మెసేజ్, కారణం "కస్టమర్ ఇంట్లో లేరు" అట. రోజంతా ఇంట్లోనే ఉన్నాను, ఒక్క ఫోన్ కూడా రాలేదు. 6న కస్టమర్ కేర్‌కి చేస్తే వాళ్లే కొత్త రిక్వెస్ట్ పెట్టారు. 8న అబ్బాయి వచ్చి పెట్టె విప్పి చూసి "మేడం, ఇది మ్యాచ్ అవట్లేదు, తీసుకోలేను" అని వెళ్లిపోయాడు. ఫోటోలు పంపి మళ్లీ గొడవ చేస్తే 12న తీసుకెళ్లారు. 16న వాళ్ల గోదాముకి చేరింది. 19న "రీఫండ్ ప్రారంభించాం" అన్నారు. 23న అకౌంట్‌లో పడింది, అదీ 2,250. పికప్ ఛార్జీ అని 99 కోశారు.

ఇప్పుడు రివ్యూ రాయమని రోజూ నోటిఫికేషన్ వస్తోంది. కుక్కర్ చూడ్డానికి గట్టిగా ఉంది, అడుగు మందంగా ఉంది, ఐఎస్ఐ మార్కు ఉంది. దానికి ఒక్క స్టార్ ఇస్తే తయారుచేసిన కంపెనీకి అన్యాయం. నాలుగు ఇస్తే ఈ సెల్లర్ దగ్గర ఇంకొకళ్లు ఇరుక్కుంటారు. రెండూ విడివిడిగా ఎలా చెప్పాలి?

కంచరపాలెం_కుర్రాడు
అక్కా, ఆలోచించేదేముంది, ఒక్క స్టార్ కొట్టి పడెయ్యండి. మొత్తం అనుభవం చెత్తగా ఉంటే రేటింగ్ కూడా చెత్తగానే ఉండాలి. అయినా చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్న ఏ వస్తువైనా ఏడు రోజుల్లో ఊరికే వాపసు ఇవ్వచ్చు, వాళ్లు మాట్లాడకుండా తీసుకోవాలి. 99 కోయడానికి వాళ్లెవరు?

ఏటికొప్పాక_రంగులు
తమ్ముడూ, అంత తొందర వద్దు. మాది లక్కబొమ్మల పని, ఆన్‌లైన్‌లో అమ్ముతాం. కిందటేడు ఒకావిడ మా బొమ్మకి ఒక్క స్టార్ ఇచ్చి "డెలివరీ బాయ్ గేటు దగ్గర విసిరేసి వెళ్లాడు, బొమ్మ మాత్రం చాలా ముద్దుగా ఉంది" అని రాసింది. ఆ ఒక్క స్టార్ బొమ్మ పేజీ మీద అలాగే ఉండిపోయింది. చూసేవాడు స్టార్ చూస్తాడు, కింద అక్షరాలు ఎవడు చదువుతాడు? బొమ్మ నాణ్యత బాలేదనే అనుకుంటాడు.

అమెజాన్ ఇండియాలో ఈ రెండూ వేరువేరు చోట్ల ఉంటాయి పద్మజ గారూ. వస్తువు పేజీలో రాసేది వస్తువు గురించి. సెల్లర్ ఫీడ్‌బ్యాక్ అని ఇంకోటి ఉంటుంది, ఆర్డర్ పెట్టిన 90 రోజుల్లోపు ఇవ్వాలి. వస్తువు రివ్యూలో సెల్లర్ గురించో ప్యాకింగ్ గురించో రాస్తే నిబంధనలకి విరుద్ధమని తీసేయొచ్చు. కష్టపడి రాసింది కాస్తా మాయమైపోతుంది. మీరు కొన్న సైట్‌లో అలాంటి వేరే పెట్టె ఉందేమో ముందు చూడండి.

మధురవాడ_లావణ్య
నాకూ ఇలాగే అయింది!! ఇన్‌స్టాలో ఒక పేజీలో చీర కొన్నాను, మంగళగిరి పట్టు అని చెప్పి. వచ్చాక చూస్తే అంచు దారం ఊడి వచ్చేస్తోంది. వెనక్కి ఇస్తానంటే "పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉందా" అన్నారు. వీడియో ఎవరు తీస్తారండీ? ఆ పేజీ మీద కామెంట్ పెడితే డిలీట్ చేసి నన్ను బ్లాక్ చేశారు. నా డబ్బులు ఎలా రాబట్టుకోవాలో ఎవరైనా చెప్పగలరా?

ఉక్కునగరం_రావు
లావణ్య గారూ, మీది రివ్యూ ప్రశ్న కాదు, డబ్బు వసూలు ప్రశ్న. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, నేను వచ్చి చెబుతాను. ఈలోగా ఆ పేజీ స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన రసీదు దాచుకోండి. 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

కుర్రాడూ, నువ్వు చెప్పిన ఏడు రోజుల చట్టం లేదు. ఉన్నది 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు. వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన తేదీ దాటి వచ్చినా సెల్లర్ వెనక్కి తీసుకోనని అనకూడదు. "నచ్చలేదు" అని ఇచ్చేయడం మాత్రం సెల్లర్ ముందే ప్రకటించిన పాలసీ మీద ఆధారపడి ఉంటుంది. పద్మజమ్మ గారి కేసు మొదటి రకంలోకి వస్తుంది, కాబట్టి 99 కోయడం గురించి గట్టిగా అడగొచ్చు. నీ మాటలో ఆ సగం నిజం.

అదే నిబంధనల్లో ఇంకొకటి ఉంది, ఎవరూ పట్టించుకోరు. అమ్మకందారుల వివరాలు చూపించేటప్పుడు వాళ్ల రేటింగ్, లేదా వాళ్ల మీద వచ్చిన ఫీడ్‌బ్యాక్ ఏదైనా ఉంటే అది కూడా కొనేవాడికి కనబడేలా మార్కెట్ సైట్ పెట్టాలి. అంటే సెల్లర్ రేటింగ్ వేరే సంగతి అని చట్టమే అనుకుంటోంది. మనం రెండూ కలిపి చారు చేసేస్తున్నాం.

గోదాము_మాట
ఆలస్యంగా చూశాను. ఆటోనగర్‌లో ఒక సెల్లర్ దగ్గర రిటర్న్‌ల విభాగం కొన్నాళ్లు చూశాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

పద్మజ గారూ, ముందు ఒకటి చూసి చెప్పండి. రిటర్న్ వివరాల్లోకి వెళ్తే రెండు రిక్వెస్టులు కనిపిస్తాయి, మీరు పెట్టింది, కస్టమర్ కేర్ వాళ్లు పెట్టింది. రెండిట్లో "కారణం" అన్న చోట ఏముంది?

పద్మజ_సీతమ్మధార
చూశానండీ. నేను పెట్టినదాంట్లో "వేరే వస్తువు వచ్చింది" అని ఉంది. వాళ్లు పెట్టినదాంట్లో "సైజు సరిపోలేదు" అని ఉంది. నేను అలా చెప్పనే లేదు!

గోదాము_మాట
అదే అనుకున్నాను. 8న వచ్చిన అబ్బాయి ఎందుకు తీసుకోలేదో ఇప్పుడు తెలిసిపోయింది.

పికప్‌కి వచ్చేవాడి ఫోన్‌లో మీ ఆర్డర్ ఫోటో, పేరు, కొన్ని ప్రశ్నలు వస్తాయి. వస్తువు ఇదేనా, రంగు ఇదేనా, మూత, విజిల్, గ్యాస్కెట్ అన్నీ ఉన్నాయా, వాడారా. "సైజు సరిపోలేదు" అన్న కారణం ఉంటే, మీరు కొన్న 5 లీటర్ల కుక్కరే మీ చేతిలో ఉందన్న లెక్కతో ఆ ప్రశ్నలు వస్తాయి. చేతిలో ఉన్నది 3 లీటర్లది. వాడు నిజాయితీగా "కాదు" అని నొక్కాడు, యాప్ పికప్ ఆపేసింది. "వేరే వస్తువు వచ్చింది" అని ఉండి, మీరు పంపిన ఫోటోలు జతయి ఉంటే, మీ దగ్గర ఉన్న వస్తువు ఆ ఫోటోలతో సరిపోతుందా అని మాత్రమే చూస్తాడు. 12న వచ్చినప్పుడు జరిగింది అదే.

కాబట్టి ఆ నాలుగు రోజులు పోయింది కస్టమర్ కేర్‌లో ఎవరో కారణం తప్పుగా ఎంచుకోవడం వల్ల. ఆ కస్టమర్ కేర్ సైట్‌దా, సెల్లర్‌దా? మీరు ఏ నంబర్‌కి చేశారు?

పద్మజ_సీతమ్మధార
సైట్ యాప్‌లోనే "మాకు కాల్ చేయండి" నొక్కాను. కాబట్టి సైట్ వాళ్లే అనుకుంటా.

గోదాము_మాట
అయితే అసలు విషయం ఇక్కడుంది. "రిటర్న్ నరకం" అని ఒక్క మాటలో రాసేస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. ఒక రిటర్న్‌లో నలుగురి చేతులుంటాయి: సెల్లర్, సైట్, కొరియర్, బ్యాంకు. మీ తేదీలు ముక్కలు చేసి చూద్దాం.

మొదట, వేరే సైజు పంపడం. ఇది నూటికి నూరు పాళ్లూ సెల్లర్‌ది. స్టిక్కర్ వాళ్లే అంటించారు.

3 నుంచి 12 వరకు, అంటే పికప్ అయ్యేదాకా. 5న "ఇంట్లో లేరు" అన్నది కొరియర్ వాడు ఎక్కువ పార్సిళ్లు ఉన్న రోజు చేసే పని, ఫోన్ చేయకుండానే నొక్కేస్తాడు. ఆ తర్వాతిది కస్టమర్ కేర్ తప్పు. ఈ మొత్తంలో సెల్లర్ చేయి పెద్దగా లేదు.

12 నుంచి 16 వరకు దారిలో ఉంది. వైజాగ్ నుంచి వేరే రాష్ట్రం గోదాముకి నాలుగు రోజులంటే మామూలే.

16 నుంచి 19 వరకు వాళ్ల గోదాములో పరిశీలన. ఇది సెల్లర్ చేతిలో ఉన్న సమయం. మూడు రోజులు, పర్వాలేదు.

19 నుంచి 23 వరకు రీఫండ్. ఇక్కడ నాకు అనుమానం ఉంది, బ్యాంకు వాళ్లు ఎవరైనా చెప్పాలి.

99 కోత. వేరే వస్తువు పంపి పికప్ ఛార్జీ వసూలు చేయడం పాలసీ తప్పు. అది సెల్లర్ పెట్టిందా, సైట్ పెట్టిందా అన్నది రీఫండ్ రసీదులో ఎవరి పేరు మీద కోత ఉందో చూస్తే తెలుస్తుంది.

బ్యాంకు_బాబాయ్
నేనున్నాను. రిటైరయ్యాను గానీ ఈ గొడవలు ఇంకా వదల్లేదు, మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ నేనే కస్టమర్ కేర్.

అమ్మా పద్మజా, "రీఫండ్ ప్రారంభించాం" అని మెసేజ్ వచ్చినంత మాత్రాన డబ్బు బయల్దేరినట్టు కాదు. వాళ్ల పుస్తకంలో ఎంట్రీ వేశారని అర్థం. నిజంగా ఎప్పుడు పంపారో తెలియాలంటే రిఫరెన్స్ నంబర్ అడగాలి. యూపీఐ అయితే 12 అంకెల ఆర్ఆర్ఎన్, కార్డు అయితే 23 అంకెల ఏఆర్ఎన్. ఆ నంబర్ ఇవ్వలేకపోతున్నారంటే చాలాసార్లు డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉందన్నమాట. నంబర్ ఇచ్చాక కూడా పడకపోతే అప్పుడు మన బ్యాంకు మీదకి వెళ్లాలి.

నీకు పడిన 2,250 ఎంట్రీ స్టేట్‌మెంట్‌లో తెరిచి చూడు. 12 అంకెల నంబర్ ఉంటుంది. సాధారణంగా మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడూ ఆ సంవత్సరంలో ఎన్నో రోజు అన్నది. ఆ నాలుగు అంకెలు మాత్రం ఇక్కడ పెట్టు, మిగతావి వద్దు.

పద్మజ_సీతమ్మధార
5173 బాబాయ్ గారూ.

బ్యాంకు_బాబాయ్
2025లో 173వ రోజు. మే నెలాఖరుకి 151 రోజులు, కాబట్టి జూన్ 22. అంటే 19న ప్రారంభించామని చెప్పి 22న పంపారు, 23న నీకు కనిపించింది. బ్యాంకు వల్ల పోయింది ఒక్క రోజు. నువ్వు రివ్యూలో "బ్యాంకు ఆలస్యం" అని రాయకు, వాళ్లు నీకు అదే చెప్పి ఉంటారు.

పద్మజ_సీతమ్మధార
అవునండీ! "మా వైపు నుంచి అయిపోయింది మేడం, మీ బ్యాంకుని అడగండి" అనే చెప్పారు. 20న, 21న కూడా.

కంచరపాలెం_కుర్రాడు
బాబాయ్, మీరు మామూలోళ్లు కాదు. 🙏
కానీ ఇదంతా మామూలు జనం ఎలా చేస్తారు? ఒక స్టార్ నొక్కడానికి జ్యోతిష్యం చెప్పినట్టు నంబర్లు లెక్కపెట్టాలా?

గోదాము_మాట
అందరూ చేయక్కర్లేదు. తేదీలు రాస్తే చాలు, చదివేవాడు వాడే లెక్క వేసుకుంటాడు.

ఇక స్టార్ల సంగతి. పద్మజ గారూ, మీకు నచ్చకపోవచ్చు గానీ, కుక్కర్‌కి అసలు స్టార్ ఇవ్వకండి. నాలుగూ వద్దు, ఒకటీ వద్దు. మీరు దాంట్లో ఒక్కసారి కూడా అన్నం వండలేదు. విజిల్ సరిగ్గా వస్తుందా, గ్యాస్కెట్ దగ్గర ఆవిరి కారుతుందా, ఏడాదికి పిడి వదులవుతుందా, ఏదీ తెలీదు. పైగా మీరు చూసింది 3 లీటర్లది, ఆ పేజీ 5 లీటర్లది. అడుగు మందం చూసి నాలుగు ఇస్తే, డబ్బు రాలేదని కోపంతో ఒకటి ఇచ్చినవాడికీ మీకూ పెద్ద తేడా ఏముంది? ఇద్దరూ తెలియని దానికి మార్కులు వేసినట్టే.

పద్మజ_సీతమ్మధార
మా సైట్‌లో స్టార్ నొక్కకపోతే రాయడానికి ఇవ్వడం లేదండీ. సెల్లర్‌కి వేరే పెట్టె ఉందా అని చూశాను, సెల్లర్ పేరు మీద నొక్కితే మొత్తం రేటింగ్ 4.6 అని కనిపిస్తోంది గానీ రాసే చోటు కనబడలేదు.

ఏటికొప్పాక_రంగులు
కొన్ని సైట్లలో అది "నా ఆర్డర్లు"లో ఆ ఆర్డర్ లోపల ఉంటుంది, వస్తువు పేజీలో ఉండదు. రిటర్న్ పూర్తయిన ఆర్డర్‌కి ఆ బటనే తీసేస్తారు కొందరు. అదే నాకు ఒళ్లు మండే విషయం. రిటర్న్ ఎలా జరిగిందో చెప్పగలిగినవాళ్లు రిటర్న్ చేసినవాళ్లే, వాళ్లకే నోరు కట్టేస్తారు.

గోదాము_మాట
ఆ 4.6 గురించి ఒక మాట. దాన్ని చూసి రిటర్న్ బాగుంటుందని ఎవరూ అనుకోకూడదు.

ఒక సెల్లర్ దగ్గర వందమంది కొన్నారనుకుందాం. 94 మందికి వస్తువు సరిగ్గా వచ్చింది, అందరూ ఐదు స్టార్లు ఇచ్చారు. ఆరుగురు వెనక్కి ఇచ్చారు, ఆ ఆరుగురిలో ఒక్కరికీ డబ్బు రాలేదు, ఆరుగురూ ఒక్కో స్టార్ ఇచ్చారు. మొత్తం 476, వందతో భాగిస్తే 4.76. రిటర్న్‌లో నూటికి నూరు మందిని ముంచినా సగటు 4.76! ఎందుకంటే మిగతా 94 మందికి రిటర్న్ అవసరమే పడలేదు, వాళ్ల ఐదు స్టార్లలో రిటర్న్ గురించి ఏమీ లేదు.

అందుకే రిటర్న్ రేటింగ్ విడిగా ఉండాలంటే, దాన్ని రిటర్న్ చేసినవాళ్లు మాత్రమే నింపాలి. మిగతావాళ్లు ఖాళీగా వదిలేయాలి. ఖాళీ అంటే ఐదు కాదు, సున్నా కాదు, తెలియదు అని. కొనేముందు చూసేవాళ్లు కూడా సగటు వదిలేసి రివ్యూల్లో "రిటర్న్", "రీఫండ్", "వాపస్" అని వెతికి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవాలి. అలాంటివి ఎనిమిదో పదో దొరికితే వాటిలోనే సంగతి తెలిసిపోతుంది.

ఉక్కునగరం_రావు
లెక్క బాగుంది. కానీ ఒక అభ్యంతరం. వెతికితే దొరికేవి ఎక్కువగా కోపంతో రాసినవే ఉంటాయి. రెండు రోజుల్లో డబ్బు వచ్చినవాడు "రిటర్న్ బాగా జరిగింది" అని రాయడానికి కూర్చోడు. కాబట్టి అవి చదివి కూడా సెల్లర్ దొంగ అని తేల్చేయలేం. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా పరిశీలించాలి, ఎలా ప్రచురించాలి అన్నది అందులో ఉంది. తప్పనిసరి మాత్రం చేయలేదు. సైట్లే రిటర్న్ పూర్తయిన ప్రతి ఒక్కరినీ అడిగి నింపిస్తే తప్ప ఈ లోటు పోదు.

గోదాము_మాట
నిజమే రావు గారూ, కాదనను. అందుకే నేను చదివేటప్పుడు కోపం ఎంతుందని చూడను. ఒకే మెలిక మళ్లీ మళ్లీ వస్తోందా అని చూస్తాను. పదిమంది పది రకాలుగా తిడితే వదిలేస్తాను. ముగ్గురు వేర్వేరు నెలల్లో "విజిల్ లేదని తిప్పి పంపారు, నేను పెట్టే ఇచ్చాను" అని రాస్తే అది గోదాములో ఎవరో కావాలని చేస్తున్న పని అని నాకు అర్థమవుతుంది.

మధురవాడ_లావణ్య
వేరే థ్రెడ్ పెట్టాను రావు గారూ, థాంక్యూ. ఒకటి ఇక్కడే అడుగుతాను. ఆ చీర పేజీ వాళ్లు ఇప్పుడు వేరే నంబర్ నుంచి మెసేజ్ చేశారు. "గూగుల్‌లో ఐదు స్టార్లు పెట్టి స్క్రీన్‌షాట్ పంపండి, సగం డబ్బు వెంటనే వేస్తాం" అంటున్నారు. పెట్టేయనా? డబ్బు వచ్చాక మార్చేస్తా.

ఏటికొప్పాక_రంగులు
వద్దు తల్లీ. పెడితే ఆ సగం కూడా రాదు. ఇలాంటివాళ్ల వల్లే మాలాంటి వాళ్ల నిజం స్టార్లని కూడా ఎవరూ నమ్మట్లేదు.

బ్యాంకు_బాబాయ్
ఇంకొకటమ్మా. డబ్బు వేస్తామని లింకు పంపి పిన్ కొట్టమంటే కొట్టకు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి.

ఉక్కునగరం_రావు
లావణ్య గారూ, ఆ మెసేజ్ డిలీట్ చేయకండి. ఫిర్యాదులో అదే మీకు బలమైన ఆధారం. మిగతాది అక్కడ మాట్లాడదాం.

పద్మజ_సీతమ్మధార
అందరూ చెప్పింది విని ఒకటి రాశాను. సైట్ స్టార్ తప్పనిసరి అంటోంది కాబట్టి, మధ్యలో మూడు పెట్టి మొదటి లైన్‌లోనే చెప్పేశాను. చూసి చెప్పండి:

"మూడు స్టార్లు సైట్ అడిగింది కాబట్టి పెట్టాను, కుక్కర్ నాణ్యత గురించి కాదు. నేను వండలేదు. 5 లీటర్లు అడిగితే 3 లీటర్లు వచ్చింది. కంపెనీ పెట్టె మీద 3 అని ఉండగా సెల్లర్ స్టిక్కర్ మీద 5 అని ఉంది, ఫోటో పెట్టాను. రిటర్న్ జూన్ 3న పెట్టాను, పికప్ 12న, గోదాముకి 16న. పికప్ ఆలస్యం కొరియర్, కస్టమర్ కేర్ వల్ల. రీఫండ్ 19న ప్రారంభించామన్నారు, నిజంగా పంపింది 22న, ఈలోపు బ్యాంకుని అడగమన్నారు. తప్పు వాళ్లదైనా 99 రూపాయలు కోశారు, ఫిర్యాదు పెట్టాను. సెల్లర్ రిటర్న్ పద్ధతికి నా మార్కు ఐదుకి రెండు."

కంచరపాలెం_కుర్రాడు
బాగుంది అక్కా, కానీ రెండెందుకు? డబ్బు వచ్చింది కదా చివరికి. నేనైతే... ఆగండి, నేనే ఒకటి ఇవ్వమన్నాను కదా మొదట. సరే, రెండు ఓకే. 😄

ఏటికొప్పాక_రంగులు
నాకు ఒక్క చోట తేడా ఉంది. మూడు స్టార్లు కూడా కుక్కర్ సగటునే కిందకి లాగుతాయి. ఆ పేజీలో 5 లీటర్ల కుక్కర్ అమ్మే ఇంకో ఇద్దరు సెల్లర్లు ఉండొచ్చు, వాళ్లకేం సంబంధం? నేనైతే రివ్యూ రాయకుండా సెల్లర్ మీద ఫిర్యాదు మాత్రమే పెడతాను. పైగా సెల్లర్‌కి ఎందుకు రెండు? పికప్ వాళ్ల చేతిలో లేదని మీరే అన్నారు.

గోదాము_మాట
పికప్‌కి పద్మజ గారు మార్కులు కోయలేదు అన్నా. తప్పు వస్తువు పంపడం, "బ్యాంకుని అడగండి" అని అబద్ధం చెప్పడం, 99. ఈ మూడిటికే రెండు. మూడు కూడా ఇవ్వచ్చు, కొట్లాడను. రీఫండ్ పంపేది సైటా, సెల్లరా అన్నది కూడా సైట్‌ని బట్టి మారుతుంది. గోదాము సైట్‌దే అయితే రిటర్న్ మొత్తం సైట్ ఖాతాలోకి వెళ్తుంది, సెల్లర్‌కి ఆ మార్కు వేయకూడదు. పద్మజ గారూ, ఇన్వాయిస్ మీద "పంపిన చిరునామా" ఎవరిదో ఒకసారి చూడండి.

కానీ రివ్యూ మానేయమనడం నేను ఒప్పుకోను. వేరే పెట్టె ఇవ్వకపోవడం సైట్ తప్పు. ఆ తప్పుకి కొనేవాళ్లు నోరు మూసుకోవాలా?

ఏటికొప్పాక_రంగులు
మూసుకోమనట్లేదు, చోటు మార్చమంటున్నా. మీరు గోదాములో కూర్చుని చూశారు, నేను పేజీ సగటు 4.3 నుంచి 4.1కి పడితే ఆర్డర్లు ఎలా ఆగిపోతాయో చూశాను. మనిద్దరికీ ఇది తెగదు.

పద్మజ_సీతమ్మధార
ఇన్వాయిస్ చూశాను. పంపిన చిరునామా సెల్లర్‌దే. రీఫండ్ రసీదులో 99 మాత్రం సైట్ పేరు మీద "రిటర్న్ సర్వీస్ ఛార్జీ" అని ఉంది. మరి ఆ కోత ఎవరి ఖాతాలో వేయాలి?

ఉక్కునగరం_రావు
సైట్ ఖాతాలో. మీ రివ్యూలో ఆ ఒక్క వాక్యం మార్చండి, "కోశారు" అన్నది "సైట్ కోసింది" అవ్వాలి. ఫిర్యాదు కూడా సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కే వెళ్లాలి. పేరు, ఫోన్ యాప్ అడుగున ఎక్కడో ఉంటాయి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆర్డర్ నంబర్, పెట్టె మీది అచ్చు, సెల్లర్ స్టిక్కర్ రెండూ కనిపించే ఫోటో, రెండు రిక్వెస్టుల్లో కారణం మారిన స్క్రీన్‌షాట్ జతచేయండి. ఇంకేమీ రాయకండి, కోపం అసలే రాయకండి.

పద్మజ_సీతమ్మధార
పంపించాను. అందిందని మెయిల్ వచ్చింది. రివ్యూలో వాక్యం మార్చాను, మార్కు రెండు నుంచి మూడు చేశాను. మూడు స్టార్ల సంగతే ఇంకా తేల్చుకోలేదు. మా ఆయన "99 కోసం ఇంత అవసరమా" అంటున్నారు.

కంచరపాలెం_కుర్రాడు
అన్నయ్యకి చెప్పండి అక్కా, ఆ 99తో పూర్ణా మార్కెట్‌లో కొత్త గ్యాస్కెట్ వస్తుందని.

బ్యాంకు_బాబాయ్
డబ్బు వస్తే ఆ ఎంట్రీలో మొదటి నాలుగు అంకెలు కూడా పెట్టమ్మా. ఎన్నో రోజున పంపారో చూద్దాం.